డబ్బు వచ్చింది, బిల్లు మాత్రం ఎర్రగానే ఉంది: పేమెంట్ లింకుల యాప్‌పై రెండున్నరేళ్ల తర్వాత నా సమీక్ష

చిక్కడపల్లిలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. ఛత్తాబజార్ నుంచి కార్డు మెటీరియల్ తెచ్చుకుని పెళ్లికార్డులు వేస్తాం, సీజన్ లేనప్పుడు బిల్లు బుక్కులు, విజిటింగ్ కార్డులు. బిల్లింగ్‌కి రెండున్నరేళ్లుగా ఒకే యాప్ వాడుతున్నాం. పేరు చెప్పను, తిట్టడానికి రాయట్లేదు. బిల్లు చేస్తే వాట్సాప్‌లో పేమెంట్ లింక్ వెళ్తుంది, పీడీఎఫ్ కింద క్యూఆర్ ఉంటుంది, కస్టమర్ కట్టగానే బిల్లు పచ్చగా మారుతుంది. మామూలు రోజుల్లో హాయిగా ఉంటుంది. మామూలుగా లేని రోజుల గురించే ఇది.

2025 ఫిబ్రవరిలో వనస్థలిపురం వాళ్ళ పెళ్లికార్డుల ఆర్డర్ వచ్చింది. మొత్తం 18,500, అడ్వాన్స్ 8,000. 214 నంబరు బిల్లు పంపాను, పెళ్లికూతురు నాన్నగారు అరగంటలో కట్టేశారు, బిల్లు పచ్చగా అయ్యింది, కార్డులు ప్రింటింగ్‌కి పోయాయి. 20వ తేదీన డెలివరీకి వచ్చినప్పుడు బ్యాలెన్స్ 10,500 అన్నాను.

"అదేంటి బాబూ, 2,500 కదా ఇవ్వాల్సింది? పదహారు వేలు కట్టేశాం" అన్నారాయన.

జరిగింది ఏంటంటే, ఆయన బిల్లు పీడీఎఫ్‌ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. కార్డు మ్యాటర్‌లో పేర్లు, తప్పులు చూసుకోమని. పెద్దల్లుడు సాయంత్రం చూసి, మామగారికి పని తగ్గుతుందని కింద ఉన్న క్యూఆర్ స్కాన్ చేసి ఎనిమిది వేలు కొట్టేశాడు. ఆయన మంచికే కట్టాడు, నాకు మాత్రం నోటిఫికేషన్ కూడా రాలేదు.

మొదట నేను నమ్మలేదు, అది ఒప్పుకోవాలి. ఒకే పేమెంట్ స్క్రీన్‌షాట్ ఇద్దరి ఫోన్లలో తిరుగుతోందేమో అనుకున్నాను. అప్పుడు ఇద్దరి యూటీఆర్ నంబర్లూ అడిగాను. యూపీఐలో ఒక్కో పేమెంట్‌కి విడిగా ఉండే 12 అంకెల నంబరు ఇది. ఫోన్‌పేలో యూటీఆర్ అనే ఉంటుంది, గూగుల్ పేలో యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అని ఉంటుంది. అక్షరాలతో మొదలయ్యే పొడుగాటి ఐడీ ఇంకోటి ఉంటుంది చూడండి, కస్టమర్లు ఎప్పుడూ అదే పంపిస్తారు, దానితో మన దగ్గర ఏదీ దొరకదు. రెండు నంబర్లూ 5042తోనే మొదలయ్యాయి, చివరి అంకెలు వేరు. సాధారణంగా ఆ మొదటి అంకె సంవత్సరంలో చివరిది, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్తాయి. 42వ రోజు అంటే ఫిబ్రవరి 11. ఒకే రోజు, రెండు వేర్వేరు పేమెంట్లు. అల్లుడుగారు నిజంగానే కట్టారు.

మరి డబ్బు ఎక్కడుంది? బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే ఎనిమిది వేలు అని విడిగా ఎక్కడా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే ఆ రోజు వచ్చినవన్నీ కలిపి, వాళ్ళ ఛార్జీలు పట్టుకుని, మర్నాడు ఒకే మొత్తంగా వేస్తారు. యాప్‌లో సెటిల్‌మెంట్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి యూటీఆర్‌తో వెతికితే దొరికింది. తొమ్మిది రోజులుగా నా డబ్బుతో కలిసి నా అకౌంట్‌లోనే ఉంది.

ఎందుకిలా అయిందో తెలుసుకుందామని బిల్లు మీద క్యూఆర్‌ని పేమెంట్ యాప్‌తో కాకుండా మామూలు క్యూఆర్ రీడర్‌తో చదివాను. లోపల ఉన్నది ఇలాంటి ఒక్క లైను (ఐడీ మార్చాను):

```
upi://pay?pa=merchant@bank&am=8000.00&cu=INR&tr=INV214
```

ఎవరికి, ఎంత, ఏ బిల్లుకి. అంతే. గడువు అనే మాట ఇందులో లేదు, ఒక్కసారే వాడాలి అన్న మాటా లేదు. 72 గంటల్లో ఎక్స్‌పైర్ అవుతుంది అని యాప్ చెప్పేది లింక్ తెరిస్తే వచ్చే పేజీకి మాత్రమే. ఈ బొమ్మ మాత్రం ఎన్నిసార్లు స్కాన్ చేసినా డబ్బు తీసుకుంటూనే ఉంటుంది. రెండోసారి డబ్బు వచ్చినప్పుడు యాప్ tr దగ్గరున్న బిల్లు నంబరు చూసి, 214 ఇప్పటికే కట్టేశారు కదా అని, దాన్ని రిపోర్ట్స్ లోపల అన్‌మ్యాచ్డ్ అనే ట్యాబ్‌లో పడేసింది. రెండేళ్లలో ఆ ట్యాబ్ నేను ఒక్కసారి కూడా తెరవలేదు. ఒక్కో బిల్లుకి వేరే యూపీఐ ఐడీ పుట్టించి, పేమెంట్ రాగానే దాన్ని మూసేసే సర్వీసులు ఉన్నాయి, వాటిలో రెండో పేమెంట్ వెళ్లదు లేదా వెనక్కి పోతుంది. మీది ఏ రకమో తెలియాలంటే ఒక రూపాయి బిల్లు చేసి రెండుసార్లు కట్టి చూడండి.

ఆ ఎనిమిది వేలు బ్యాలెన్స్‌లో సర్దేస్తానన్నాను. అల్లుడి డబ్బుతో కార్డులా, కుదరదు, ఆయనకే వెనక్కి పంపమన్నారు మామగారు. మా కుర్రాడు వెంటనే నా ఫోన్ నుంచి పంపేద్దాం అన్నా అన్నాడు, వద్దన్నాను. అలా పంపితే పుస్తకాల్లో ఆ ఎనిమిది వేలు రాబడిగానే నిలబడి, పంపింది వేరే ఖర్చుగా కనిపిస్తుంది. ఆ పేమెంట్ తెరిచి అందులోనే రిఫండ్ నొక్కితే వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది, రెండు ఎంట్రీలూ జతపడతాయి. రెండు రోజుల్లో ఆయనకి చేరింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. బ్యాలెన్స్ 10,500కి 231 బిల్లు లింక్ పంపాను. పెళ్లిపనుల్లో ఉండి నాన్నగారు మూడో రోజు రాత్రి తెరిచారు, పిన్ కొట్టేసరికి పేజీ గడువు దాటింది. ఆయన ఫోన్లో సక్సెస్, మా యాప్‌లో ఎరుపు. పైగా యాప్ దానంతట అదే మూడు రిమైండర్లు పంపింది. "పెళ్లింట్లో ఉన్నాం, కట్టాక కూడా అడుగుతారా?" అని ఫోన్. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈసారి మాత్రం నేరుగా ఆ ట్యాబ్‌కే వెళ్లాను, 5054తో మొదలయ్యే నంబరు అక్కడే ఉంది, దాన్ని 231కి లింక్ చేశాను. ఈ తొందరలో చాలామంది చేసే పని, క్యాష్ వచ్చినట్టు మార్క్ చేసి పచ్చగా చేసుకోవడం. అలా చేస్తే ఆ 10,500 నెలాఖరులో క్యాష్‌లో ఒకసారి, యూపీఐలో ఒకసారి లెక్కకి వస్తుంది. మా అకౌంటెంట్ దగ్గర ఓసారి చీవాట్లు తిన్నాను కాబట్టి చెప్తున్నా.

ఇంకో తికమక. కొందరు కస్టమర్లు ఐదు రోజుల్లో డబ్బు దానంతట అదే వెనక్కి వస్తుందట కదా అంటారు. ఆర్‌బీఐ 2019 రూల్ ఒకటి ఉంది నిజమే, కస్టమర్ ఖాతాలో కట్ అయ్యి షాపుకి కన్ఫర్మేషన్ రాకపోతే ఐదు రోజుల్లోపు తిరిగి వేయాలి, దాటితే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి. కానీ మా కేసులో పేమెంట్ సక్సెస్, డబ్బు నా దగ్గరికి వచ్చేసింది. బ్యాంకు దృష్టిలో ఏ లోపమూ లేదు, నేను పంపితే తప్ప వెళ్లదు. కస్టమర్ యాప్‌లో పెండింగ్ అని ఉంటే మాత్రం ఆగాలి. ఆ మధ్యలో కొత్త లింక్ పంపకండి, రెండూ పడొచ్చు.

ఇప్పుడు గడువు 72 గంటల నుంచి 15 రోజులకి పెంచాను, ఆటో రిమైండర్లు ఆపేశాను, అడ్వాన్స్ అందగానే క్యూఆర్ లేని రసీదు వేరే పంపి, గ్రూపులో ఇదే పెట్టుకోమని చెప్తున్నాను. సపోర్ట్ వాళ్ళని అన్‌మ్యాచ్డ్‌లో ఏదైనా పడితే నోటిఫికేషన్ ఇవ్వమని అడిగాను, "మీ సూచనకు ధన్యవాదాలు" అన్నారు, అది ఇంకా రాలేదు. అయిదుకి మూడు స్టార్లు. ఆ ట్యాబ్ హోమ్ స్క్రీన్ మీద కనిపిస్తే నాలుగు ఇచ్చేవాడిని.

రోజూ షట్టర్ దించే ముందు అది తెరిచి చూస్తున్నాను. ఇవాళ అందులో ఎవరిదో 1,200 ఉంది. కిందటి నెల విజిటింగ్ కార్డుల బిల్లు నంబరుతో వచ్చింది, ఆయన అప్పుడే కట్టేశారు. రేపు పొద్దున్నే ఫోన్ చేయాలి.