పత్తి తేమ వీడియోకు ఏ స్క్రిప్టు మేలు: సమాచారం వరుసగా చెప్పేదా, కథలో చెప్పేదా?

మద్దతు ధరకు పత్తి కొనే సీసీఐ కేంద్రంలో తేమ ఎందుకు చూస్తారో వరంగల్ చుట్టుపక్కల రైతులకు తొంభై సెకన్లలో చెప్పాలనుకుందాం. విషయం చిన్నదే. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర వస్తుంది. 8 నుంచి 12 దాకా పెరిగే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత పడుతుంది. 12 దాటితే కొనరు. దీన్ని రెండు రకాలుగా రాయొచ్చు.

మొదటిది మనకు అలవాటైన పద్ధతి. తేమ అంటే ఏమిటి, దాన్ని ఎలా కొలుస్తారు, నిబంధన ఏమిటి, రైతు ఏం చేయాలి అని వరుసగా చెప్పుకుంటూ పోతారు. ఇందులో తప్పు ఒక్కటీ ఉండదు. కానీ చూసేవాడికి 'ఇది నా గొడవే' అనిపించేది చివర్లో. అప్పటికి వేలు కింది వీడియో మీదికి పోయి ఉంటుంది.

రెండోది సమస్య, కథ, ఫలితం. అసలు కష్టమంతా సమస్యను పట్టుకోవడంలోనే ఉంది. చాలామంది 'పత్తిలో తేమ ఎక్కువ ఉండటం' అని రాసి సమస్య అయిపోయిందనుకుంటారు. అది కారణమే గానీ రైతుకు కనబడే సమస్య కాదు. ఆయనకు కనబడేది ఇది: పొద్దుగాల ట్రాలీ కిరాయి మాట్లాడుకుని వచ్చాడు, వరుసలో నిలబడ్డాడు, మిషన్ 14 చూపించింది.

"కొనం, ఆరబెట్టుకొని తీసుకరా."

"నిన్ననే ఏరిన పత్తి సారూ, గింత మంచిగున్నది కదా!"

ఈ రెండు మాటలకు పదిహేను సెకన్లు చాలు. తేమ అనే మాటకు అర్థం చెప్పనక్కర్లేదు, మిషన్ మీది అంకెను దగ్గరగా చూపిస్తే సరిపోతుంది. ప్రశ్న కూడా రైతు నోటనే వచ్చేసింది: మంచి పత్తి ఎందుకు వెనక్కి పోయింది?

కథ ఆ ప్రశ్నకు జవాబు వెతకాలి. ఇక్కడే ఎక్కువ స్క్రిప్టులు దారి తప్పుతాయి. రైతు కష్టం, కూతురి చదువు, అప్పు అంటూ కన్నీళ్ల కథ మొదలుపెట్టి, మధ్యలో ఆపి, నిబంధనలు చదువుతారు. అలా అయితే కథ వేరు, వివరణ వేరు అవుతాయి. దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. కథను తీసేసి చదవండి, అప్పటికీ విషయం అంతా అర్థమైతే ఆ కథ అలంకారానికే ఉన్నట్టు. మన కథలో పత్తి వెనక్కి నడవాలి. ట్రాలీ నుంచి ఇంటికి, ఇంట్లో రాత్రంతా కుప్పగా పడి ఉన్న బోరాలకు, అక్కడి నుంచి మంచు ఆరకముందే ఏరిన చేనుకు. ఒక్కో చోట తేమ ఎలా పట్టిందో బొమ్మలోనే కనబడుతుంది. వివరణ అంటే అదే, విడిగా ఇంకేం చెప్పక్కర్లేదు. దీనికి యాభై సెకన్లు ఇవ్వొచ్చు.

మిగిలిన సమయం ఫలితానిది. 'తేమ తగ్గించుకోండి' అనేది సలహా, ఫలితం కాదు. అదే రైతు పట్టాల మీద ఆరబెట్టాడు, గింజ కొరికితే టక్కుమని విరిగింది, మళ్లీ వచ్చాడు, మిషన్ 8 చూపించింది. ఇక్కడ లెక్క వేయాలి. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 11 ఉంటే మూడు శాతం, అంటే క్వింటాలుకు 243 రూపాయలు పోతాయి. ఇరవై క్వింటాళ్లకు దాదాపు 4,870. శాతాల మాట గుర్తుండదు, ఈ రూపాయలు గుర్తుంటాయి.

నా ఓటు రెండోదానికే, అయితే అన్నిచోట్లా కాదు. ట్రాలీ ఎక్కించుకుని, 'పన్నెండు శాతం ఉంటే కొంటరా' అని ఫోన్లో వెతికేవాడికి కథ అడ్డం. వాడికి మొదటి పద్ధతిలో ఇరవై సెకన్ల ముక్క చాలు, అందులో మూడు అంకెలు చెప్పి ఆపేయాలి. ఏరడానికి ఇంకా వారం ఉన్నవాడికి, తనకూ ఈ ఇబ్బంది రావొచ్చని తెలియనివాడికి కథ కావాలి. వాట్సాప్ గ్రూపుల్లో వీడియో చూసేది ఎక్కువగా ఈ రెండోవాడే.

కథ స్క్రిప్టుకు ఒక నష్టం మాత్రం ఉంది. మద్దతు ధర ఏటా మారుతుంది. సమాచారం స్క్రిప్టులో ఒక వాక్యం మారిస్తే సరి. కథలో రైతు నోటితోనే 8,110 అనిపిస్తే వచ్చే సీజన్‌కు ఆయన్ను మళ్లీ పిలిచి షూట్ చేయాలి. అందుకే స్క్రిప్టు పేజీని రెండు నిలువు వరుసలుగా చేసి, ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాట రాసుకునేటప్పుడే రూపాయల లెక్కను రైతుకు ఇవ్వకుండా వెనుక గొంతుకు ఇచ్చి, ఆ వాక్యాన్ని విడి ఫైలుగా రికార్డు చేయించండి.