స్క్రీన్ రీడర్ ఉందని టీవీ అమ్మారు, సెట్టింగ్స్ దాటితే నోరు విప్పదు

మా అమ్మకి చూపు బాగా తగ్గింది. ఆవిడ కోసం కొన్న టీవీ పెట్టె మీద, తెర మీది రాతని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్, పెద్ద అక్షరాలు, హై కాంట్రాస్ట్ మూడూ ఉన్నాయని రాశారు. షాపులో అమ్మే అతను సెట్టింగ్స్ తెరిచి రిమోట్‌లో బాణం నొక్కుతుంటే, టీవీ ఒక్కో వరసా చక్కగా చదివింది. ఇంట్లో అమ్మ రోజూ చూసే సినిమాల యాప్ తెరవగానే మూగబోయింది. కొన్ని చోట్ల 'బటన్, బటన్' అంటుంది, అంతే. ఏ బటనో చెప్పదు.

వెనక్కి తీసుకోమంటే, "ఫీచర్ ఉంది, పనిచేస్తోంది, కాబట్టి లోపం కాదు" అన్నారు. మాట వరకు నిజమే, అదే ఒళ్లు మండించింది.

స్క్రీన్ రీడర్ బొమ్మని చూసి చదవదు. తెర మీద ఉన్న ప్రతి బటన్‌కీ యాప్ తయారుచేసినవాళ్లు లోపల ఒక పేరు రాసిపెట్టాలి, రీడర్ దాన్నే పలుకుతుంది. టీవీ కంపెనీ తన మెనూలకి రాసుకుంటుంది. యాప్‌వాళ్లు రాయకపోతే చదవడానికేమీ ఉండదు. సెట్‌టాప్ బాక్స్ సంగతి ఇంకా అన్యాయం. HDMI తీగలో టీవీకి వచ్చేది బొమ్మా శబ్దమే కాబట్టి, బాక్స్ చూపించే ఛానళ్ల పట్టికని టీవీలోని రీడర్ చదవలేదు. బాక్స్‌లోనే మాట్లాడే సదుపాయం ఉండాలి.

పెద్ద అక్షరాలదీ ఇదే కథ. మా టీవీలో ఆ ఆప్షన్ మెనూలకే పరిమితం. పోస్టర్ మీద ఉండే సినిమా పేరు బొమ్మలో భాగం కాబట్టి అది పెరగదు. సబ్‌టైటిల్స్ సైజు యాప్‌లో విడిగా మార్చాల్సి వచ్చింది. హై కాంట్రాస్ట్ పెడితే అక్షరాలు స్పష్టమయ్యాయి గానీ, ఇప్పుడు ఏ బొమ్మ మీద ఉన్నామో చూపించే గీత యాప్‌లో మాత్రం అలాగే సన్నగా, లేత బూడిదరంగులో ఉండిపోయింది. తక్కువ చూపున్నవాళ్లకి అన్నిటికన్నా ముందు కనబడాల్సింది ఆ గీతే!

కాబట్టి సెట్టింగ్స్ చూపించి సరిపెడితే ఒప్పుకోకండి. షాపులోనే ఫోన్ హాట్‌స్పాట్‌తో టీవీకి నెట్ ఇచ్చి, రీడర్ ఆన్ చేయించి, మీ వాళ్లు వాడే యాప్‌నే తెరవమనండి. మీరు కళ్లు మూసుకుని రిమోట్ పట్టుకోండి. ఒక సినిమా పేరు వెతకండి. తెర మీది కీబోర్డులో ఒక్కో అక్షరం పలుకుతోందా? ఫలితాల్లో పేర్లు చదువుతోందా? సినిమా మొదలయ్యాక ఆపడం, సబ్‌టైటిల్స్ పెట్టడం కుదురుతోందా? మెనూ భాష తెలుగు చేసి కూడా వినండి. తెలుగు గొంతు లేని టీవీ అయితే తెలుగు పేర్లని పలక్కుండా దాటేయవచ్చు.

రీడర్‌ని ఆన్, ఆఫ్ చేసే షార్ట్‌కట్ రిమోట్‌లో ఉందో లేదో కూడా అడగండి. షార్ట్‌కట్ లేని టీవీలో రీడర్ పొరపాటున ఆగిపోతే, మెనూల్లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయడానికి కళ్లున్నవాళ్లు ఎవరో ఒకరు రావాల్సిందే.