స్క్రబ్ టైఫస్ కేసు రిపోర్టు: కథ ముందా, పాఠం ముందా?

స్క్రబ్ టైఫస్ అనేది చిన్న పురుగు కాటుతో సోకే జ్వరం. దానిపై రాసిన ఒక కేసు రిపోర్టుకు రోగి కథతో మొదలయ్యే పాత రూపాన్నీ, పాఠంతో మొదలయ్యేలా తిరగరాసిన కొత్త రూపాన్నీ పోల్చి చూద్దాం. పాత రూపంలో, "42 ఏళ్ల మహిళ ఆరు రోజుల జ్వరంతో వచ్చారు" అని మొదలయ్యే ఉపోద్ఘాతంలో, ప్లేట్‌లెట్లు తగ్గడం చూసి డెంగీగా భావించిన వైద్యులు ఈ వ్యాధికి గుర్తైన, చంకలోని నల్లటి పుండుమచ్చను ఆలస్యంగా గమనించారన్న అసలు సంగతి రెండో పేజీకి గానీ బయటపడదు. తిరగరాసిన రూపం, నొప్పి లేని ఆ మచ్చను చంకల్లో, గజ్జల్లో వెతకాలనీ, తొలి వారంలో ఐజీఎం యాంటీబాడీ రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినంత మాత్రాన వ్యాధి లేదనుకోరాదనీ మొదటే చెప్పి, రోగి వివరాలను కేసు భాగానికి వదిలేస్తుంది.

రిపోర్టులోని చర్చ భాగంలో తేడా ఇంకా ఎక్కువ. పాత రూపం చికిత్సాక్రమాన్నే మళ్లీ ఏకరువు పెడుతుంది. కొత్తది, మచ్చ కనబడగానే పరీక్షాఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టడం ఎందుకు సబబో వాదిస్తుంది. నేనైతే కొత్తదాన్నే ఎంచుకుంటాను. అయితే ఒక్క రోగి కోలుకోవడాన్ని మందు పనితీరుకు రుజువుగా రాస్తే సమీక్షకులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా; మచ్చ లేనివారిలోనూ ఈ వ్యాధి ఉండవచ్చన్న పరిమితిని అక్కడే చేర్చాలి.