ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఒక్క ట్రాన్సిస్టర్ ఎల్‌ఈడీ డ్రైవర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

బెంగళూరులో మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో మెట్ల దగ్గర, వంటింట్లో, పూజ గూటిలో చిన్న ఎల్‌ఈడీ దీపాలు ఇన్వర్టర్ బ్యాటరీ నుంచే, ఫ్యూజు మీదుగా నేరుగా వెలుగుతాయి. మొదట బజార్లో దొరికే 12 వోల్టుల స్ట్రిప్ వేశాను. "కరెంటు వచ్చాక ఈ లైటు ఎక్కువ వెలుగుతోందేంట్రా?" అని అమ్మే ముందు గమనించింది. నిజమే. ఆ స్ట్రిప్‌లో మూడేసి ఎల్‌ఈడీలకు ఒక 150 ఓమ్‌ల రెసిస్టర్ మాత్రమే ఉంటుంది. బ్యాటరీ 11 వోల్టులకు దిగితే ఎల్‌ఈడీల్లో 12, 13 మిల్లీఆంప్‌లు పారతాయి. ఛార్జింగ్‌లో 14.4కి ఎక్కితే అది 32 దాకా పోతుంది. ఎల్‌ఈడీలు తీసుకునే 9.3 వోల్టులు పెద్దగా మారవు కాబట్టి, సప్లైలో పెరిగినదంతా దాదాపుగా ఆ రెసిస్టర్ మీదే పడుతుంది. ఏడాది తిరక్కుండానే స్ట్రిప్ మసకబారింది.

దాని బదులు, బ్యాటరీ వోల్టేజి మారినా ఎల్‌ఈడీల కరెంటు పెద్దగా మారకుండా చూసే ఈ డ్రైవర్‌ను ఎస్పీ రోడ్డులో కొన్న విడిభాగాలతో కట్టాను. ప్లస్ నుంచి మూడు తెల్ల ఎల్‌ఈడీలు వరసగా వచ్చి బీసీ337 ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు చేరతాయి. ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కు 33 ఓమ్‌ల సెన్స్ రెసిస్టర్. బేస్ నుంచి గ్రౌండ్‌కు వరసగా రెండు 1ఎన్4148 డయోడ్లు, వాటికి ప్లస్ నుంచి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఒక్కో డయోడ్ మీది వోల్టేజి Vd, బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య వోల్టేజి Vbe, సెన్స్ రెసిస్టర్ R అనుకుంటే లెక్క ఇంతే:

```
I = (2·Vd − Vbe) / R ≈ 0.67 V / 33 Ω ≈ 20 mA
```

ఇందులో సప్లై వోల్టేజి ఎక్కడా కనిపించదు. అలాగని దాని ప్రభావం సున్నా కాదు. సప్లై పెరిగితే 2.2 కిలో ఓమ్‌ల గుండా డయోడ్లలోకి పోయే కరెంటు 4.4 నుంచి 5.9 మిల్లీఆంప్‌లకు పెరుగుతుంది, దాంతో ఒక్కో డయోడ్ వోల్టేజి 14 మిల్లీవోల్టుల చొప్పున జరుగుతుంది. సెన్స్ రెసిస్టర్ మీద ఉండేదే 670 మిల్లీవోల్టులు కాబట్టి ఈ 28 కూడా లెక్కలోకి వస్తాయి. బెంచ్ సప్లై మీద చూస్తే 11 వోల్టుల దగ్గర 19.8, 14.4 దగ్గర 20.7 మిల్లీఆంప్‌లు వచ్చాయి. స్ట్రిప్‌తో పోలిస్తే ఇది నాకు ఎంతో నచ్చిన ఫలితం.

అసలు గమనించాల్సింది ఆ తర్వాత జరుగుతుంది. 14.4 దగ్గర అలాగే ఉంచితే నాలుగైదు నిమిషాల్లో మీటరు మెల్లగా 21.5కు ఎక్కింది. మిగులు వోల్టేజిని మోసేది ట్రాన్సిస్టరే కదా: 11 వోల్టుల దగ్గర దాని మీద సుమారు 1 వోల్టు ఉంటే, 14.4 దగ్గర 4.4 వోల్టులు. అంటే 20 మిల్లీవాట్ల చోట 90. ఆ చిన్న ప్లాస్టిక్ ఒంటికి ఇది పద్నాలుగు డిగ్రీల అదనపు వేడి. డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున Vbe తగ్గుతుంది, అదంతా సెన్స్ రెసిస్టర్ మీదికి వస్తుంది. సప్లై మార్పు నేరుగా చేసినంత పని వేడి ద్వారా మళ్లీ చేస్తుందన్నమాట. అందుకే ఇప్పుడు ఒక డయోడ్‌ను ట్రాన్సిస్టర్ చదును వైపుకు ఆనించి హీట్‌ష్రింక్ తొడుగుతాను. వేడికి Vbe తగ్గినట్టే ఆ డయోడ్ వోల్టేజీ తగ్గుతుంది కాబట్టి రెండు తగ్గుదలలూ ఒకదానికొకటి సరిపోయి, రీడింగ్ 20.8 దగ్గరే నిలుస్తోంది. రెండు డయోడ్లూ ఆనిస్తే ఎక్కువైపోతుంది, వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గడం మొదలవుతుంది.

కింది హద్దు గురించి కూడా చెప్పాలి. ఎల్‌ఈడీలకు 9.3, సెన్స్ రెసిస్టర్‌కు 0.67, ట్రాన్సిస్టర్‌కు కనీసం 0.2 కలిపితే 10.2 వోల్టులు కావాలి. మా ఇన్వర్టర్ 10.5 దగ్గర ఆగిపోతుంది కాబట్టి నాకు ఇబ్బంది లేదు. అంతకన్నా దిగితే దీపం ఆరిపోదు, నెమ్మదిగా మసకబారుతుంది. ఇక్కడ మీటరు మోసం చేస్తుంది. ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుని శాచురేట్ అయ్యాక, డయోడ్లలోకి పోవాల్సిన కరెంటు బేస్ గుండా ఎమిటర్‌లోకి వచ్చేస్తుంది. 9.5 వోల్టుల దగ్గర సెన్స్ రెసిస్టర్ లెక్క ప్రకారం 15 మిల్లీఆంప్‌లు కనిపిస్తే, ఎల్‌ఈడీల్లో నిజంగా పారేది 12 మాత్రమే. కాబట్టి కలెక్టర్, ఎమిటర్ మధ్య వోల్టేజి ముందు చూడాలి. 0.2కన్నా తక్కువ ఉంటే రెగ్యులేషన్ పోయినట్టే.

డయోడ్ల బదులు ఎర్ర ఎల్‌ఈడీ పెడితే సప్లై ప్రభావం ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే సెన్స్ రెసిస్టర్ మీద 1.1 వోల్టులకు పైగా ఉంటుంది. రెసిస్టర్ విలువను ఆ మేరకు పెంచుకోవాలి. కానీ కింది హద్దు అర వోల్టు పైకి జరుగుతుంది, బ్యాటరీ మీద ఆ అర వోల్టు నాకు ముఖ్యం. అడాప్టర్ మీద నడిచే దీపానికైతే ఎర్ర ఎల్‌ఈడీనే పెడతాను.

ఒక వాట్ ఎల్‌ఈడీలకు దీన్ని వాడను. 300 మిల్లీఆంప్‌ల దగ్గర అదే 4.4 వోల్టులు 1.3 వాట్ల వేడి అవుతుంది. హీట్‌సింక్ వేసి ఆ కరెంటును వృథా చేసే బదులు స్విచింగ్ డ్రైవర్ కొనడమే మేలు. 20, 30 మిల్లీఆంప్‌ల దీపాలకు మాత్రం మా ఇంట్లో ఇప్పుడు ఇది తప్ప వేరే డ్రైవర్ లేదు.