రంగు ఘనం: సూత్రమా, పొరల లెక్కా?

అన్ని ముఖాలకూ రంగు వేసిన ఘనాన్ని 4×4×4గా కోస్తే 64 ముక్కలు. n అంటే ఒక్కో అంచున వచ్చే ముక్కలు, ఇక్కడ 4. సూత్రంతో పది సెకన్ల పని: మూడు ముఖాల రంగువి 8, రెండువి 12(n−2) అంటే 24, ఒకటివి 6(n−2)² అంటే 24, రంగు లేనివి (n−2)³ అంటే 8. ఇక్కడ పొరలు లెక్కపెట్టడం టైమ్ వేస్ట్.

అడుగు ముఖానికి రంగు లేదంటే మాత్రం ఆ సూత్రం పనికిరాదు. చాలామంది తడబడేది ఇక్కడే, అలవాటుగా రంగు లేనివి 8 అని రాసేస్తారు. పొరలుగా చూడండి. పై పొరలో మూలలు 4 (మూడు రంగులు), అంచువి 8 (రెండు), నడిమివి 4 (ఒకటి). కింది మూడు పొరలూ ఒకేలా ఉంటాయి, ఎందుకంటే అడుగు పొరకు కింద రంగు లేదు: ఒక్కోదానిలో మూలలు 4 (రెండు), పక్కవి 8 (ఒకటి), లోపలివి 4 (సున్నా). కలిపితే మూడువి 4, రెండువి 20, ఒకటివి 28, రంగు లేనివి 12.

మొత్తం 64 వచ్చినంత మాత్రాన సరైనట్టు కాదు, తప్పు జవాబుకీ 64 వస్తుంది. ముక్కల మీది రంగు ముఖాలు కూడండి: 4×3 + 20×2 + 28×1, అంటే 12+40+28=80. ఐదు ముఖాలు, ఒక్కోదానికి 16 గళ్లు, అదీ 80. సూత్రం జవాబైతే 96 చూపిస్తుంది.