వెల్వెట్ బ్లౌజులకి స్టీమర్: కొన్నేళ్లు వాడాక తెలిసినవి

ముందే చెప్పేస్తాను, ఇంట్లో వెల్వెట్ ఉన్నవాళ్లకి ఇస్త్రీ పెట్టె కన్నా చేత్తో పట్టుకునే చిన్న స్టీమరే పనికొస్తుంది. నాది మామూలు 1500 వాట్ల రకం, నీళ్ల ట్యాంకు 250 మి.లీ. కాటన్ చీరల మీద దాని పనితనం అంతంతమాత్రం, గంజి పెట్టిన చీరకైతే దండగే. వెల్వెట్ మీద మాత్రం ఇది చేసే పని ఇస్త్రీ పెట్టె చేయలేదు. ఎక్కువగా బ్లౌజుల మీద, అప్పుడప్పుడు మా పాప లంగా మీద, కుషన్ కవర్ల మీద వాడుతుంటాను. ఇన్నేళ్లలో ఏది బాగవుతుందో ఏది కాదో బాగా అర్థమైంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

వెల్వెట్‌లో అడుగున మామూలు నేత ఉంటుంది, దాని మీద పొట్టి పోగులు దట్టంగా నిలబడి ఉంటాయి. ఆ నిలబడ్డ పోగులనే ఇక్కడ నూగు అంటున్నాను. వెల్వెట్ రంగు అంత చిక్కగా కనిపించేది ఆ నూగు నిలబడి ఉండటం వల్లే. మనకి కనిపించేది పోగుల కొనలు, వెలుతురు వాటి మధ్యకి దిగిపోతుంది. అదే పోగు పక్కకి పడుకుంటే దాని పక్కభాగం పైకి వచ్చి వెలుతురు తిరిగి మన కంటికి కొడుతుంది, అందుకే అక్కడ పాలిపోయినట్టు, మెరుస్తున్నట్టు కనిపిస్తుంది. హ్యాండ్‌బ్యాగ్ పట్టీ ఆనిన భుజం మీద, కుర్చీకి ఆనుకున్న వీపు మీద వచ్చే మచ్చల్లో చాలావరకు ఇవే, మరకలు కావు. వాటిని మరక అనుకుని తడిగుడ్డతో రుద్దితే అసలు నష్టం అప్పుడే మొదలవుతుంది.

నూగు పడుకుందా, లేక రాలిపోయిందా అన్నది ముందు తేల్చుకోవాలి. గదిలో లైటు ఆపి ఫోన్ టార్చ్‌ని బట్టకి పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుని, మచ్చ మీద వేలితో అటూ ఇటూ నిమరండి. వేలు వెళ్లిన దిక్కుని బట్టి రంగు కాస్త ముదురుగా, కాస్త లేతగా మారుతుంటే నూగు ఉన్నట్టే, పడుకుని ఉంది అంతే. ఎటు నిమిరినా రంగు మారకుండా అడుగు నేతలోని సన్నని గళ్లు కనిపిస్తుంటే నూగు ఊడిపోయింది. దానికి స్టీమర్ కాదు కదా, ఏదీ పనిచేయదు. ఇంకో విషయం, కొత్త బ్లౌజులోనే ఒక చెయ్యి ముదురుగా, ఇంకో చెయ్యి లేతగా ఉంటే అది నలగడం కాదు, టైలర్ రెండు ముక్కలనీ నూగు ఒకే వైపు ఉండేలా కత్తిరించలేదన్నమాట. అది కూడా ఆవిరితో పోయేది కాదు.

షాపులో అన్నిటినీ వెల్వెట్ అనే అమ్ముతారు కానీ ఆ నూగు దేనితో చేశారన్నదే ముఖ్యం. ఇప్పుడు బ్లౌజులకి ఎక్కువగా వచ్చేది పాలిస్టర్. కాస్త ఖరీదైన, ఒంటి మీద జారుతున్నట్టు మెత్తగా ఉండే రకంలో చాలాసార్లు నూగు విస్కోస్‌ది ఉంటుంది. అనుమానంగా ఉంటే లోపలి కుట్టు అంచు దగ్గర నుంచి నాలుగు పోగులు తీసి స్టీలు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్లతో అంటించండి. ముడుచుకుపోయి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే పొడైపోయే బూడిద మిగిలితే విస్కోస్ గానీ కాటన్ గానీ. ఇది తెలుసుకోవడం ఎందుకంటే తడి తగిలినప్పుడు ఈ రెండూ ప్రవర్తించే తీరు పూర్తిగా వేరు.

నాకు బాగా పరీక్ష పెట్టింది ఒక వైన్ కలర్ విస్కోస్ వెల్వెట్ బ్లౌజు. మోచేతుల వరకు చేతులు, మెడ చుట్టూ మగ్గం వర్క్, లోపల కాటన్ లైనింగ్. విజయవాడలో పెళ్లి నుంచి తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసులో సర్దే హడావిడిలో దాని మీద సారె లడ్డూల స్టీలు డబ్బా చేరింది. రాత్రంతా అలాగే ప్రయాణం. తెల్లారి తీసి చూస్తే వీపు మీద డబ్బా అంచు గీత గీసినట్టు పడింది, దాని పక్కన మడత గీతలు వేరే.

చేసింది ఇదీ. మగ్గం వర్క్ ఉన్న మెడ భాగం మీద పొడి టవల్ చుట్టి పిన్నులు పెట్టాను, ఎందుకంటే ఆవిరి తేమకి జరీ నల్లబడే ప్రమాదం ఉంది, రాళ్లు గమ్‌తో అతికించినవైతే వేడికి ఊడతాయి కూడా. బ్లౌజుని తిరగేసి హ్యాంగర్‌కి తగిలించాను. స్టీమర్ పూర్తిగా వేడెక్కేదాకా ఆగి, మొదటి ఆవిరిని సింకులోకి వదిలేశాను. ఇది మాత్రం తప్పనిసరి, మొదట్లో ఆవిరితో పాటు నీటి చుక్కలు ఉమ్ముతుంది, ఆ చుక్క విస్కోస్ మీద పడితే ఇంకో మచ్చ తయారు. తర్వాత లోపలి వైపు నుంచి రెండంగుళాల దూరంలో పట్టుకుని ఒకచోట ఆగకుండా మెల్లగా తిప్పుతూ ఆవిరి పట్టాను. లైనింగ్ దాటి రావాలి కాబట్టి ఒంటి పొర బట్ట కన్నా ఎక్కువసేపే పడుతుంది. పై వైపు చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా, కొంచెం చెమ్మగా తగలాలి, తడిగా తగిలిందంటే ఎక్కువైనట్టు.

అప్పుడు మళ్లీ మంచివైపు తిప్పి, జానెడు దూరం నుంచి తేలిగ్గా ఆవిరి కొట్టి, పసిపిల్లల తల దువ్వే మెత్తటి బ్రష్‌తో నూగుకి ఎదురు దిక్కులో దువ్వాను. నొక్కకూడదు, బ్రష్ కొనలు మాత్రమే తగలాలి. గీత ఉన్నచోట ఆవిరి, దువ్వడం, మళ్లీ ఆవిరి, ఇలా ఓపిగ్గా చేస్తూపోతే పోగులు లేవడం కళ్లముందే కనిపిస్తుంది, పాలిపోయిన గీత అంచుల నుంచి లోపలికి సన్నబడుతూ వస్తుంది. చివర్లో ఒకసారి నూగు వాటంలో దువ్వేసి, హ్యాంగర్‌కే ఉంచి, ఫ్యాన్ గాలికి పూర్తిగా ఆరేదాకా ముట్టుకోలేదు. చెమ్మగా ఉన్నప్పుడు వేలు ఆనినా ఆ వేలిముద్ర అలాగే ఆరిపోతుంది. మడత గీతలు మొదటి విడతకే పోయాయి. డబ్బా అంచు గీత కోసం మర్నాడు మళ్లీ చేయాల్సి వచ్చింది. డబ్బా మూల ఆనినచోట మాత్రం ఏటవాలు వెలుతురులో ఇప్పటికీ సన్నగా ఒక జాడ కనిపిస్తుంది. బ్లౌజు వేసుకున్నాక పైట కింద ఎవరికీ కనపడదనుకోండి.

ఆవిరి ఎందుకు పనిచేస్తుందంటే విస్కోస్ పోగు తేమని పీల్చుకుని మెత్తబడుతుంది, వంగిన వంపు వదులవుతుంది, ఆ సమయంలో మనం నిలబెడితే నిలబడినట్టే ఆరుతుంది. పాలిస్టర్ నీళ్లు పీల్చదు కానీ 80 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి వేడికి మెత్తబడుతుంది, అందుకే దాని మీదా ఆవిరి పనిచేస్తుంది. అయితే పాలిస్టర్ వెల్వెట్ మీద వేడి ఇస్త్రీ పెట్టె నేరుగా పెడితే పోగులు ఇంకా ఎక్కువ వేడిలో, బరువు కింద అణిగి, ఆ ఆకారంలోనే బిగుసుకుపోతాయి. ఆ ఇస్త్రీ ముద్ర మీద ఆ తర్వాత ఎంత ఆవిరి పట్టినా నా అనుభవంలో తిరిగి లేవలేదు.

ఇప్పుడు పిండటం సంగతి. ఇందాక చెప్పినదాన్నే తిరగేసి చూడండి: మెత్తబడ్డ పోగు ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారమే దానికి నిలుస్తుంది. తడి వెల్వెట్‌ని మెలిపెట్టి పిండితే పోగులన్నీ మెలికల వెంట తలో దిక్కుకీ పడిపోయి అలాగే ఆరతాయి. బజార్లో క్రష్డ్ వెల్వెట్ అని మెరుపు చారలతో దొరికే బట్ట ఉంది చూడండి, దాన్ని తయారుచేసే పాత పద్ధతే అది, తడిపి మెలిపెట్టి ఆరబెట్టడం. అంటే సాదా వెల్వెట్‌ని పిండినవాళ్లు తెలియకుండానే దాన్ని క్రష్డ్ వెల్వెట్ చేస్తున్నారన్నమాట, కాకపోతే ఫ్యాక్టరీలో ఆ చారలు బట్టంతా ఒకేలా వస్తాయి, బకెట్ దగ్గర ఎక్కడ పడితే అక్కడ వస్తాయి.

దానికి తోడు విస్కోస్ తడిసినప్పుడు బలం దాదాపు సగానికి పడిపోతుంది. నూగు పోగు అడుగు నేతలో రెండు మూడు దారాల కింద నుంచి దూరి పైకి వచ్చి ఉంటుంది, దానికున్న పట్టు అంతే. మెలిపెట్టినప్పుడు అడుగు నేత సాగి, దారాల మధ్య సందు తెరుచుకుని ఆ పోగు జారి ఊడిపోతుంది. పిండిన నీళ్లలో బట్ట రంగు నలుసులు తేలుతుంటే అది మురికి కాదు, మీ వెల్వెట్ నూగు.

ఇదే వైన్ కలర్ బ్లౌజుకి జతగా కుట్టించుకున్న ఆకుపచ్చది ఒక లాండ్రీలో డ్రై క్లీనింగ్‌కి ఇస్తే వాళ్లు నీళ్లలో ఉతికి పిండి ఇచ్చారు. చేతుల మీద ఐమూలగా చారలు, చంకల దగ్గర గళ్లు తేలిన నేత. వారాల తరబడి ఆవిరి పట్టాను. చారలు సగానికి సగం తగ్గాయి, పూర్తిగా పోలేదు, నూగు ఊడిన చోట అలాగే ఉంది. బరువు పడి నలిగినదానికీ, తడిలో మెలిపెట్టినదానికీ ఉన్న తేడా ఈ రెండు బ్లౌజులనీ పక్కపక్కన పెడితే ఎవరికైనా కనిపిస్తుంది.

లేబుల్ మీద ఉతకొచ్చని ఉన్న పాలిస్టర్ వెల్వెట్‌ని నేను ఇంట్లోనే చల్లని నీళ్లలో లిక్విడ్ సోప్‌తో ఉతుకుతాను. ముంచి ఆడించడమే, రుద్దడం లేదు. తీసేటప్పుడు రెండు చేతులూ కింద పెట్టి ఎత్తి, నీళ్లు వాటంతట అవి కారనిచ్చి, టవల్ మీద నూగు పైకి ఉండేలా పరుస్తాను. నీరు దిగాక లావు హ్యాంగర్‌కి వేసి, సగం ఆరాక ఒకసారి దులిపితే నూగు చాలావరకు లేస్తుంది. మెషిన్‌లో స్పిన్ వేసినా మడతలు అణిగి చారలు పడతాయి, కాబట్టి అదీ వద్దు. తీగ దండెం మీద మడిచి వేస్తే మధ్యలో గీత ఖాయం. విస్కోస్‌ది మాత్రం నీళ్లలో అసలు పెట్టను.

స్టీమర్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. మా బోరు నీళ్లు పోస్తే కొన్నాళ్లకే లోపల సున్నం పేరుకుని ఆవిరి రంధ్రాల్లోంచి తెల్లటి నలుసులు వచ్చి ముదురు రంగు వెల్వెట్ మీద పడ్డాయి. అప్పటి నుంచి బ్యాటరీల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే పోస్తున్నాను, ఆ బెడద పోయింది. ట్యాంకు నిండా పోస్తే పది నిమిషాలు వస్తుంది, ఒక బ్లౌజుకి సరిపోతుంది. ఎక్కువ వంచితే మళ్లీ చుక్కలు ఉమ్ముతుంది కాబట్టి స్టీమర్‌ని కాదు, బట్టనే అటూ ఇటూ జరుపుకోవాలి.

ఇప్పటికీ మగ్గం వర్క్ ఎక్కువున్నవి డ్రై క్లీనింగ్‌కే ఇస్తాను. ఇచ్చేటప్పుడు రసీదు మీదే “నీళ్లు వద్దు, ప్రెస్ వద్దు” అని రాయించుకుంటాను. ఇంటికొచ్చాక వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు తీసేసి, పాత నూలు పంచెతో కప్పి, పక్క బట్టలు ఒరుసుకోకుండా బీరువాలో చివర తగిలిస్తాను.