సైజు సరిగ్గా తెలియకపోతే చొక్కానా, హుడీనా, స్కార్ఫా: ఏది మేలు?

పుట్టినరోజుకు బట్టలు కానుకగా ఇద్దామంటే తమ్ముడిది మీడియమో లార్జో తెలియదు. అక్క ఈమధ్య ఎలాంటి బట్టలు వేసుకుంటోందో అంతకన్నా తెలియదు. అడిగితే సర్‌ప్రైజ్ పోతుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చూసేది ఫార్మల్ చొక్కానే. నన్నడిగితే, ఈ మూడింటిలో తేడా కొట్టే అవకాశం ఎక్కువ ఉన్నది దానికే.

చొక్కా గుడ్డ మామూలుగా సాగదు. మెడ, భుజాలు, ఛాతీ, చేతుల పొడవు అన్నీ ఒకేసారి కుదరాలి. నడుము దగ్గర వదులుగా ఉంటే పక్క కుట్లు వేయించుకోవచ్చు, చేతులు పొడవైతే కురచ చేయించుకోవచ్చు. భుజం అలా కాదు. దాని కుట్టు భుజం ఎముక చివర పడాలి. కిందికి జారితే చేతులు విప్పి మళ్లీ కుట్టాలి, బిగుతైతే వదలడానికి లోపల గుడ్డే ఉండదు.

హుడీ అల్లిక గుడ్డతో చేస్తారు కాబట్టి కొంత సాగుతుంది. డ్రాప్ షోల్డర్ రకం తీసుకుంటే భుజం కుట్టు కిందికి ఉండటమే దాని డిజైన్, అంటే భుజం టెన్షన్ దాదాపు లేనట్టే. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే పెద్దదే తీసుకోండి. కాటన్‌ది మొదటి ఉతుకులో కాస్త కుంచించుకుపోవచ్చు కూడా.

చిక్కంతా సైజు చార్టుతోనే. కొన్ని చార్టుల్లో ఒంటి కొలత ఉంటుంది, కొన్నింటిలో బట్ట కొలత. తమ్ముడు ఎప్పుడూ వేసుకునే హుడీ ఇంట్లో దొరికిందనుకుందాం. దాన్ని నేల మీద పరిచి ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు దాకా కొలిస్తే 22 అంగుళాలు వచ్చింది. రెట్టింపు చేస్తే 44. ఇది బట్ట కొలత. చార్టు కూడా బట్ట కొలతే ఇచ్చి, మీడియం 42, లార్జ్ 45 అంటే లార్జ్ తీసుకోవాలి. చార్టులో ఉన్నది ఒంటి కొలత అయితే ఈ 44 పనికిరాదు. అతని ఛాతీ 38 అయి ఉండొచ్చు, మిగతా ఆరంగుళాలు అతను ఇష్టపడే వదులు. అది గమనించకుండా 44కి సరిపోయేది తెస్తే అందులో ఇద్దరు పడతారు!

స్కార్ఫ్‌కి సైజు గొడవ లేదు, అభిరుచి గొడవ మాత్రం పూర్తిగా ఉంది. అక్క ఫొటోలు చూడండి. ఎప్పుడూ మెడలో ఏదో ఒకటి చుట్టుకునే మనిషైతే ఇదే అన్నిటికన్నా మంచిది, ఆమె తరచూ వేసే రంగుల్లోంచి ఒకటి ఎంచుకుంటే చాలు. ఏ ఫొటోలోనూ స్కార్ఫ్ కనిపించకపోతే అది బీరువాకే పోతుంది.

అందుకే నా ఓటు హుడీకి. వాళ్లకు బాగా కుదిరిన చొక్కా ఒకటి కొలవడానికి చేతికి దొరికితే మాత్రం చొక్కా కొనొచ్చు. ఏది కొన్నా మార్పిడి గడువు ఎప్పటిదాకానో కొనేముందే అడగండి. అది పుట్టినరోజుకు ముందే అయిపోయేలా ఉంటే కొనడం కాస్త వాయిదా వేయండి.